రోజమ్మ ఆంటీ రెండు కార్డులు

రోజమ్మ ఆంటీ హ్యాండ్‌బ్యాగులో ఏముంటాయో మా చర్చిలో అందరికీ తెలుసు. చిన్న బైబిలు, మోకాలికి రాసుకునే ఆయింట్‌మెంటు, పుదీనా బిళ్ళలు, ఒక కత్తెర, చుట్టచుట్టిన వెల్క్రో పట్టీ, రబ్బరుబ్యాండు వేసిన బొమ్మల కార్డుల కట్ట. ప్రార్థన మధ్యలో ఆవిడ ఆ బ్యాగులో చెయ్యి పెట్టిందంటే వెల్క్రో పర్రుమంటుంది. పాస్టరుగారు కళ్ళు తెరవకుండానే ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకుంటారు.

ఆవిడ నాటింగ్‌హామ్ వచ్చి ఇరవై రెండేళ్ళయింది. తెనాలి దగ్గర పల్లెటూరు నుంచి భర్త రత్నబాబు అంకుల్‌తో వచ్చింది. ఆయన ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోములో పనిచేసేవాడు. ఆవిడేమో ఒక స్కూల్లో మధ్యాహ్న భోజనాల దగ్గర పిల్లల్ని చూసుకునే పనికి కుదిరి, పదేళ్ళకి అదే స్కూలు నర్సరీ క్లాసులో అసిస్టెంటయింది. ఆవిడ ఇంగ్లీషు ఇప్పటికీ మూడేసి మాటల వాక్యాలే. "నాకు మాట్లాడటం రాక కార్డులు పట్టుకున్నానమ్మాయ్, అదే పిల్లలకి మంచిదయింది" అని తన మీద తనే జోకు వేసుకుంటుంది. జోకు కాదది. కొంతమంది పిల్లలకి పెద్దవాళ్ళ మాటలు ఎక్కువైనకొద్దీ బుర్రలో గోల ఎక్కువవుతుంది. ఒక బొమ్మ, రెండు మాటలు చాలు. ఆ సంగతి క్లాసులో ఏ ట్రైనింగూ లేని రోజుల్లోనే ఆవిడకి తెలిసిపోయింది.

రత్నబాబు అంకుల్ కోవిడ్ ఏడాది పోయాడు. పిల్లల్లేరు. అప్పట్నించి ఒక టేక్‌అవే హోటలు పైనున్న చిన్న ఫ్లాట్‌లో ఆవిడొక్కతే ఉంటోంది. చర్చిలో ఎవరైనా ఆయన మాటెత్తితే "ప్రభువునందు నిద్రించారు" అంటారు. ఆవిడ తల ఊపి, వెంటనే ఇంకో విషయంలోకి వెళ్ళిపోతుంది.

ఇక నా సంగతి. నేను మానసని, ఇక్కడి ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నాకు నోరు కాస్త ఎక్కువ, ఓపిక కాస్త తక్కువ. ఉన్న ఓపిక కూడా వార్డులోనే అయిపోతుందని మా ఆయన ఫ్రెడీ అంటాడు, నిజమే. ఆయన సాయంత్రం ఐదు నుంచి కేర్ హోములో చేస్తాడు. నేను వచ్చేదాకా పాపని ఆయన చూడాలి, ఆయన వెళ్ళాక నేను చూడాలి. మా ఇద్దరి మధ్య ఏంజెలినా, నాలుగేళ్ళది, మాకు ఏంజీ.

ఏంజీకి తెలుగు బాగానే అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులోనే, అదీ ఒకటి రెండు ముక్కలు. రైలు బొమ్మల్ని వరసగా పేర్చడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. ఒక పని నుంచి ఇంకో పనికి మారమంటే మాత్రం ప్రాణం మీదికొచ్చినట్టు ఏడుస్తుంది. స్నానానికి రమ్మంటే ఏడుపు, స్నానం అయ్యాక బయటికి రమ్మన్నా ఏడుపే. పార్కుకి రోజూ వెళ్ళే సందు కాకుండా పక్క సందులో తిరిగామో, రోడ్డు మీద పడుకుండిపోయేది. మొండి పిల్ల అన్నారు చూసినవాళ్ళు. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలాకాలం నేనూ అదే అన్నాను. నర్సరీ టీచరు ఒకరోజు మమ్మల్ని కూచోబెట్టి, ఇది మొండితనం కాదనీ, తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోతే పిల్లకి భయమేస్తుందనీ నెమ్మదిగా చెప్పింది. పరీక్షలకి డాక్టర్లకి రాసింది. నెలల తరబడి సాగే వెయిటింగ్ లిస్టు సంగతి ఈ దేశంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈలోగా ఇంట్లో రోజంతటినీ బొమ్మల్లో చూపించే కార్డులు పెట్టి చూడమంది.

అంతేగదా అనుకున్నాను. రెండు సెలవు రోజులు కూచుని ఒక పెద్ద చార్టు చేశాను. పొద్దున ఆరున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా ఇరవై ఆరు గళ్ళు, ప్రతి గడిలో టైము, రంగురంగుల బొమ్మలు. ఫ్రిజ్జుకి అతికించి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాను. ఏంజీ ఆ చార్టుని ఒకసారి చూసి, కింద నుంచి పైకి చించేసింది.

ఆ ఆదివారమే రోజమ్మ ఆంటీ మా ఇంటికొచ్చింది. ఏంజీ చదివే నర్సరీలోనే ఆవిడ పని. చిరిగిన ముక్కలు దగ్గర పెట్టి చూసి, "ఇది పిల్లకా, వార్డుకా?" అంది. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడ అప్పటికే బ్యాగు తెరిచి కింద కూచుంది.

మొదట రెండే రెండు కార్డులు పెట్టింది. ఎడమవైపు "ఇప్పుడు", కుడివైపు "తర్వాత". ఇప్పుడు స్నానం, తర్వాత రైలు. అంతే. బొమ్మలు ఇంటర్నెట్‌లోవి వద్దంది. ఏంజీకి బొమ్మలోని టబ్బు ఎవరిదో టబ్బు, దాని టబ్బు కాదు. మా టబ్బునీ, మా ఎర్ర కప్పునీ, మా తలుపునీ ఫోనులో ఫోటోలు తీయించింది. వాటిని ప్రింటు తీసి, లామినేషన్ చేసి, వెనక వెల్క్రో అంటించింది. పని మారడానికి కాస్త ముందు కార్డు చూపించాలి, ప్రతిసారీ ఒకటే మాట చెప్పాలి, చెప్పి ఊరుకోవాలి. పని అయ్యాక ఆ కార్డు ఏంజీయే తన చేత్తో పీకి, "ఫినిష్డ్" అని పిలిచే సంచిలో వెయ్యాలి. మనం వెయ్యకూడదు. అది వేస్తేనే దానికి ఆ పని ముగిసినట్టు.

"మాట వినకపోతే రైలు కార్డు తీసేస్తాను అంటే వింటుంది కదా ఆంటీ?" అన్నాను ఒకరోజు విసిగిపోయి.

"అట్టా చేశావంటే ఇంక ఆ గోడ కేసి చూడదు. అది దానికి దారి చూపించే బోర్డు, బెత్తం కాదు" అంది.

రెండు కార్డులు అలవాటయ్యాక మూడు, ఆ తర్వాత ఐదు కార్డుల పట్టీ అయింది. మెట్ల పక్కన గోడకి, ఏంజీ కంటి ఎత్తులో పెట్టాం. మార్పుకి కూడా ఒక కార్డు చేసింది ఆంటీ, నారింజ రంగులో వంకరగా తిరిగిన బాణం గుర్తుతో. దాన్ని మొదటిసారి చెడ్డ వార్తకి వాడొద్దని గట్టిగా చెప్పింది. అందుకే మొదట బిస్కెట్ కార్డు మీద ఆ బాణం పెట్టి ఐస్‌క్రీమ్ ఇచ్చాం. మర్నాడు ఒక పుస్తకం బదులు రెండు చదివాం. అలా మార్పు అంటే ప్రతిసారీ పిడుగు కాదని దానికి తెలిశాక, ఒకరోజు వాన పడి పార్కు కార్డు మీద బాణం పెడితే, పెదవి విరిచి ఊరుకుంది. నేనూ ఫ్రెడీ వంటింట్లోకి పోయి ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడ్డాం. ఆ రోజు వానకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. నేను పనికి వెళ్ళడం.

వార్డులో ఎర్లీ షిఫ్టు ఏడుంపావుకి మొదలవుతుంది. ఆరూ ముప్పావుకి నేను గడప దాటాలి. దాటిన కాసేపటికి ఏంజీ తలుపుకి తల బాదుకుని ఏడ్చేది. గంట, ఒక్కోసారి గంటన్నర. ఆ తర్వాత నర్సరీకి తీసుకెళ్ళినా మధ్యాహ్నం దాకా బల్ల కింద ముడుచుకుని ఉండేది. ఒకసారి నుదురు బొప్పి కట్టింది. ఫ్రెడీ ఫోను చేస్తే బస్‌స్టాపు నుంచి వెనక్కి పరిగెత్తుకొచ్చాను. ఆ రోజు డ్యూటీ తప్పింది. పది రోజులకి ఇంకోసారి. మా మేనేజరు మంచి మనిషే. ఎనిమిది వారాల పాటు తొమ్మిదిన్నరకి రమ్మని డ్యూటీల రోటా మార్చింది, శనివారాలు మాత్రం ఎర్లీ తప్పదంది. ఆ ఎనిమిది వారాలూ జూన్ మొదటి సోమవారానికి అయిపోతాయి. అప్పటికీ కుదరకపోతే ఆ వార్డులో నాకు చోటుండదని ఆవిడ ఎంతో ఇబ్బంది పడుతూ చెప్పింది. మా ముగ్గురి వీసా నా ఉద్యోగం మీదే ఉంది. సందు మారితేనే రోడ్డు మీద పడుకునే పిల్లకి దేశం మారడానికి ఏ కార్డు చెయ్యాలి?

ఎంత ఆలోచించినా నాకు తప్పెక్కడో దొరకలేదు. "అమ్మ పని" అని కార్డు ఉంది. యూనిఫాంలో నేను మా తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్న ఫోటో. ముందే చూపిస్తున్నాను. ఏంజీ దాన్ని చూసి బుద్ధిగా తలూపుతోంది కూడా. సాయంత్రం ఫ్రెడీ వెళ్ళేటప్పుడు ఏడవదు. నర్సరీ గుమ్మంలో నేను వదిలి వెళ్ళినా ఏడవదు. ఇంట్లో నేను వెళ్ళినప్పుడే. అమ్మంటే అంత ప్రేమ మరి అని నేనూ, నీ అరుపులకి అలవాటుపడి ఇల్లు నిశ్శబ్దమయ్యేసరికి భయపడుతోందని ఫ్రెడీ, ఎవరికి తోచింది వాళ్ళం అనుకున్నాం.

మే నెల మధ్యలో ఒక శనివారం, పొద్దున్నే ఫ్రెడీ వెళ్ళి ఆంటీని కారులో తీసుకొచ్చాడు. ఆవిడ మెట్ల మీద నాలుగో మెట్టున కూచుని, నేనిక్కడ లేననుకోండి అని ఒక పుదీనా బిళ్ళ నోట్లో వేసుకుంది. మేం రోజూ చేసేదే చేశాం. ఏంజీ సీరియల్ కార్డు పీకి సంచిలో వేసింది. నేను "అమ్మ పని" చూపించాను. బూట్లు వేసుకున్నాను. దాని బుగ్గ మీద ముద్దు పెట్టి, ఎప్పుడూ చెప్పేదే చెప్పి, తలుపు వేసుకుని వెళ్ళిపోయాను. వీధి మలుపు తిరిగేలోగా ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు వింటూ బస్సెక్కడం ఎలాంటిదో నేను రాయలేను.

సాయంత్రం నాలుగున్నరకి ఇంటికొస్తే ఆంటీ వంటింట్లో టీ కలుపుతోంది. ఏంజీ ముందు గదిలో రైళ్ళతో ఉంది. కూచోమని కళ్ళతోనే చెప్పింది ఆంటీ.

"పొద్దున పిల్లకి ఏం చెప్పి వెళ్ళావు?"

"ఏం చెప్తాను? వస్తా అన్నాను."

"వచ్చావా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ కప్పు నా ముందు పెట్టి, నేను వెళ్ళాక జరిగింది చెప్పింది. ఏంజీ వెంటనే ఏడవలేదట. తలుపుకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచుందట. కార్డులో నా మొహం చూసింది, తలుపు చూసింది, మళ్ళీ కార్డు చూసింది. "అమ్మ కమింగ్" అందట రెండుసార్లు, చాలా నమ్మకంగా. రెండు నిమిషాలు పోయాక మూడోసారి అన్నప్పుడు గొంతు వణికిందట. ఏడుపు ఆ తర్వాత మొదలైందట. ఫ్రెడీ ఆ మాట ప్రతిసారీ విన్నాడు. పిల్ల తనని తానే ఓదార్చుకుంటోందనుకున్నాడు.

"స్నానాల గదిలోంచి పిలుస్తుంది, వస్తా అంటావు, వస్తావు. వంటింట్లోంచి వస్తా అంటావు, వస్తావు. తలుపు దగ్గర వస్తా అంటావు, పోతావు. వాళ్ళ నాన్న బై అంటాడు. నర్సరీ దగ్గర నువ్వూ నలుగురితో పాటు బై అంటావు. మీరు పోతున్నారని దానికి తెలుస్తుంది, ఊరుకుంటుంది. నువ్వు పోవటం వల్ల కాదే దాని ఏడుపు. వస్తానని రాకపోవటం వల్ల."

నేను కార్డు తెచ్చి చూశాను. తలుపు దగ్గర నేను, కెమెరా వైపు తిరిగి నవ్వుతూ. వెళుతున్నానా, వస్తున్నానా? దేవుడు కూడా చెప్పలేడు. నాలుగు నెలలుగా నా బిడ్డని నేనే తలుపు దగ్గర కూచోబెట్టి, ఇదిగో వచ్చేస్తున్నానని అబద్ధం చెప్పి పోతున్నాను. మొదట సిగ్గేసింది. తర్వాత నా అలవాటు కొద్దీ కోపం వచ్చింది.

ఎవరైనా అదే అంటారు కదా అని ఒంటికాలి మీద లేచాను. మా భీమవరంలో నాన్న తొందరలో ఎప్పుడైనా పోతున్నానని అంటే అమ్మ వెనక్కి పిలిచేది. కూచోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, వస్తాననిపించి అప్పుడు పంపేది. ప్రార్థన చేసుకునే ఇల్లే, శకునాలు నమ్మం, అయినా ఈ ఒక్కటీ వదల్లేదు. పైగా నా ఉద్యోగంలో వెళ్ళడమంటే ఇంకో అర్థం. ఇండియాలో వార్డులో చేసినప్పుడు, తెల్లవారుతూనే వరండాలో నిలబడ్డ వాళ్ళకి "వెళ్ళిపోయారండీ" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ మాట తీసుకొచ్చి నా గుమ్మంలో, నా పిల్ల మొహం మీద అనమంటే ఎలా?

"మీరైతే అనగలరా ఆంటీ?" అన్నాను.

ఆవిడ తన కప్పు పక్కకి జరిపింది. "అనలేను. అయినా నువ్వు అనాలి" అంది.

బై అంటే సరిపోతుంది కదా అని ఫ్రెడీ మధ్యలో ఒక మంచి సలహా ఇచ్చాడు. మర్నాడే ప్రయత్నించాను. చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళుతూ "బై, వస్తా" అనేశాను. ఇంగ్లీషు మాట ముందుకొచ్చింది గానీ తెలుగు మాట దాని వెనకాలే తోక పట్టుకుని వచ్చేసింది. నిద్రమత్తులో ఆరూ ముప్పావుకి నా నోటిని నేను నమ్మలేను. దాని స్థానంలో కూచునే ఇంకో తెలుగు మాట నాకు ఉండాలి. ఉన్నది ఒక్కటే.

కొత్త కార్డులు రెండు చేశాం. మొదటి దాంట్లో నేను తలుపు తీసి బయటికి వెళుతున్నాను, భుజాన బ్యాగు, కెమెరాకి వీపు. ఫ్రెడీ తీసిన ఆ ఫోటో చూస్తే నాకే దిగులేసింది. రెండో దాంట్లో అదే తలుపు, అదే కోటు, నేను లోపలికి వస్తున్నాను, మొహం ఇటు. ఒక దాని కింద "అమ్మ వెళ్తుంది" అనీ, రెండో దాని కింద "అమ్మ వస్తుంది" అనీ ఆంటీ గుండ్రటి అక్షరాలతో రాసింది. ఏంజీకి చదవడం రాదు. అది మా కోసం, ఇంట్లో అందరం ఒకటే మాట అనడానికి. ఆ రెండింటి మధ్యా నర్సరీ, అన్నం, పార్కు వచ్చాయి. రావడం అన్నది మాటలో కాకుండా గోడ మీద తన చోటులో తను ఉంది.

ఒకేసారి పూట పూటంతా వెళ్ళొద్దంది ఆంటీ. మొదట అమ్మ వెళ్తుంది, రైలు, అమ్మ వస్తుంది. ఈ మూడే. చెత్తబుట్ట దాకా వెళ్ళి రావాలి. తర్వాత మూల మీద దుకాణం దాకా. తర్వాత గంట. మొదటి రోజు తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఏంజీ కార్డు పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. ఆంటీ మెట్ల మీద కూచుని చూస్తోంది. కళ్ళు మూసుకుని "అమ్మ వెళ్తుంది" అన్నాను, ఇంజెక్షన్ చేయించుకునేవాళ్ళలా. అని, చెత్తబుట్టల దగ్గరికెళ్ళి, ఎవరికీ ఏమీ కాలేదని నాకు నేను చెప్పుకుని, వెనక్కొచ్చాను. రెండు వారాల్లో కనీసం నలభైసార్లు వెళ్ళి ఉంటాను. పక్కింటావిడ నాకు ఆరోగ్యం బాగా లేదేమోనని ఫ్రెడీని అడిగిందట.

జూన్ మొదటి సోమవారం వచ్చింది. ఆరున్నరకి ఏంజీ సీరియల్ కార్డు సంచిలో వేసింది. నేను వీపు కార్డు చూపించి, అమ్మ వెళ్తుందని చెప్పాను. పట్టీ మీద వేలు పెట్టి ఒక్కో కార్డూ దాటుకుంటూ చివరి దాని దాకా తీసుకెళ్ళి, అమ్మ వస్తుందని చెప్పాను. బూట్లు వేసుకున్నాను. బ్యాగు తగిలించుకున్నాను. ఇంక చెయ్యడానికేం లేదు. ఏదో మర్చిపోయినట్టు జేబులు తడుముకుంటూ నిలబడ్డాను, కదలబుద్ధి కాక.

ఏంజీ నన్ను చూసింది. కార్డు పీకి సంచిలో వేసింది. తలుపు గడియ అందుకోవడానికి మునివేళ్ళ మీద లేచింది.

"అమ్మా, వెళ్ళు" అంది. తెలుగులో.

ఏ ఇంట్లోనైనా పిల్లలు తల్లిని అలా అంటే నోటి మీద ఒక్కటి వేస్తారు. నా చెవులకి అంతకన్నా తియ్యటి మాట ఈ నాలుగేళ్ళలో పడలేదు. వెళ్ళాను. వీధి మలుపు దాకా చెవులు వెనక్కే పెట్టుకుని నడిచాను. ఏమీ వినిపించలేదు. బస్సులో ముక్కు చీదుకుంటుంటే పక్కన కూచున్న ముసలాయన టిష్యూ ఇచ్చాడు.

ఆ సాయంత్రం నాలుగూ ఇరవైకి తలుపు తీశాను. చేతులు చాపుకుని మరీ తీశాను. ఎదురుగా ఎవరూ లేరు. ఏంజీ ముందు గదిలో రైళ్ళు పేరుస్తోంది. తలుపు చప్పుడుకి లేచి వచ్చి, "అమ్మ వస్తుంది" కార్డు పీకి సంచిలో వేసి, నా కోటుని ఒకసారి ముట్టుకుని, మళ్ళీ రైళ్ళ దగ్గరికి పోయింది. ఇంట్లో ఉన్నంతసేపూ ఒక్కసారి కూడా తలుపు కేసి చూడలేదని చెప్పాడు ఫ్రెడీ. నా బిడ్డ నా కోసం ఎదురుచూడలేదు. ఎదురుచూడాల్సిన అవసరం లేకపోయింది దానికి. ఒక తల్లికి ఇంత సంతోషం ఇందులో ఉంటుందని ఎవరైనా ముందే చెబితే నవ్వి ఉండేదాన్ని.

ఆ వారమంతా అలాగే గడిచింది. శుక్రవారం మేనేజరు రోటాలో నా పేరు మళ్ళీ ఎప్పటిలా రాసింది. ఆదివారం చర్చి అయ్యాక ఆంటీని ఇంటికి భోజనానికి తీసుకొచ్చాం. పప్పుచారు, కోడికూర చేశాను. తిన్నాక ఫ్రెడీ గిన్నెలు కడుగుతుంటే మేమిద్దరం వెనక తోటలో కుర్చీలు వేసుకుని కూచున్నాం. ఏంజీ మా కాళ్ళ దగ్గర గడ్డిలో రైళ్ళు నడుపుతోంది. నేనూ ఫ్రెడీ నాలుగు నెలలు చూసినా మాకు తెలియనిది మీకు ఒక్క పూటలో ఎలా తెలిసిందని అడిగాను. ఇరవై రెండేళ్ళ అనుభవం అంటుందనుకున్నాను.

"నేనూ అట్టాగే కూచున్నాను గదమ్మాయ్" అంది.

అంబులెన్సు వచ్చినప్పుడు ఆవిడని ఎక్కనివ్వలేదట. అప్పటి నిబంధన అది. రత్నబాబు అంకుల్ మొహానికి మాస్కుతో మెట్టు మీద ఆగి, చెయ్యి ఎత్తి, "వస్తా రోజా" అన్నాడట. పదకొండు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. మట్టి చేసేటప్పుడు పది మందిని కూడా రానివ్వలేదు. తర్వాత చర్చివాళ్ళు ఒక్కొక్కరే ఫోను చేసి నిద్రించారమ్మా అన్నారు. ఆవిడ సరేనంది. సాయంత్రం ఆరింటికి, ఆయన డ్యూటీ నుంచి వచ్చే వేళకి, లేచి వెళ్ళి తలుపు గడియ తీసి కూచునేదట. కూర రెండు కప్పుల్లో తీసేదట. పిచ్చి లేదు, అన్నీ తెలుసు, అయినా కూచునేదాన్ని అంది. ఎన్నాళ్ళని అడిగాను. మొన్న మొన్నటిదాకా అంది.

"మీ ఏంజీ తలుపు కేసి కూచుంటే దాని వీపు చూశాను. ఏడుపు వీపు కాదది. మాట పట్టుకుని ఉన్న వీపు. ఎవరో ఒకళ్ళు దానికి నిజం చెప్తే బాగుండనిపించింది."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్ళ లామినేషన్ పనికి వేళ్ళ చివర్లు గరుకుగా ఉన్నాయి.

"వెళ్ళిపోయాడమ్మాయ్, మా ఆయన" అంది రోజమ్మ ఆంటీ. "వెళ్ళిపోయాడు."

రెండోసారి ఆ మాట ఆవిడ గొంతులో తొణకలేదు. ఏంజీ తలెత్తి ఆవిడ మొహం చూసింది. ఏమనుకుందో ఏమో, లేచి వచ్చి, తన దగ్గరున్న వాటిలో పొడుగాటి రైలు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి, మళ్ళీ గడ్డిలో కూచుంది.